ట్రేడింగ్ జర్నల్ నుంచి ఎంఏఈ, ఎంఎఫ్ఈ లెక్కించి స్టాప్, టార్గెట్ సరైన చోట ఉన్నాయో లేదో తేల్చుకోవడం

స్టాప్ హిట్ అయిన వెంటనే ధర మనం అనుకున్న వైపు వెళ్లిపోతే స్టాప్ మరీ దగ్గరగా పెట్టామనిపిస్తుంది. టార్గెట్‌కి కాస్త దూరంలో వెనక్కి తిరిగితే టార్గెట్ ఎక్కువ పెట్టామనిపిస్తుంది. రెండూ ఆఖరి రెండు మూడు ట్రేడ్‌లు మిగిల్చిన బాధ. నిజంగా తప్పు ఎక్కడుందో తెలియాలంటే, ప్రతి ట్రేడ్‌లోనూ ఎంట్రీ తర్వాత ధర మనకి వ్యతిరేకంగా అత్యధికంగా ఎంత దూరం వెళ్లింది, అనుకూలంగా అత్యధికంగా ఎంత దూరం వెళ్లింది అన్నవి కొలవాలి. మొదటిది మాగ్జిమమ్ అడ్వర్స్ ఎక్స్‌కర్షన్, అంటే ఎంఏఈ. రెండోది మాగ్జిమమ్ ఫేవరబుల్ ఎక్స్‌కర్షన్, అంటే ఎంఎఫ్ఈ.

లెక్క చాలా తేలిక. ఫలితాన్ని సరిగ్గా చదవడమే కష్టం. ఎందుకంటే జర్నల్‌లో ఉన్న ప్రతి ట్రేడూ మనం పెట్టుకున్న స్టాప్, టార్గెట్‌ల మధ్యే నడిచి ఆగిపోయింది. ఆ రెండు గీతల అవతల ఏం జరిగిందో జర్నల్‌కి తెలియదు. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని గురించే.

మొదటి అడుగు: జర్నల్‌లో ఏమేం ఉండాలి

ప్రతి ట్రేడ్‌కి ఎంట్రీ సమయం, ఎంట్రీ ధర, ఎగ్జిట్ సమయం, ఎగ్జిట్ ధర, లాంగా షార్టా, ఇంకా ఎంట్రీ సమయంలో పెట్టిన మొదటి స్టాప్ ధర కావాలి. మధ్యలో జరిపిన స్టాప్ పనికిరాదు. చాలా జర్నల్‌లలో ఆఖరున ఉన్న స్టాప్ మాత్రమే మిగులుతుంది. ట్రెయిలింగ్ స్టాప్ వాడేవాళ్లకి అది ఎంట్రీ ధర దాటి లాభంలోకి కూడా వెళ్లి ఉంటుంది. దాన్ని రిస్క్‌గా తీసుకుంటే కింద చేసే ప్రతి భాగహారమూ తప్పే. మొదటి స్టాప్ రాసుకోకపోతే బ్రోకర్ ఆర్డర్ బుక్‌లో వెతికి తెచ్చుకోండి. అక్కడా దొరక్కపోతే ఆ ట్రేడ్‌ని పక్కన పెట్టండి, ఊహించి నింపకండి.

ఒక సెటప్‌కి సంబంధించిన ట్రేడ్‌లనే ఒక షీట్‌లో పెట్టాలి. బ్రేకౌట్ ట్రేడ్‌లో ధర ఎంట్రీ నుంచి పెద్దగా వెనక్కి రాకూడదు. పడుతున్నప్పుడు కొనే ట్రేడ్‌లో కొంత వెనక్కి రావడం మామూలే. ఈ రెండూ కలిపి తీసిన సగటు రెండిటికీ పనికిరాదు.

జర్నల్‌తో పాటు అదే కాలానికి ధరల డేటా కావాలి. మీ ట్రేడ్ గంటల్లో ముగిసేదైతే ఒక నిమిషం క్యాండిల్స్, రోజుల తరబడి నడిచేదైతే పదిహేను నిమిషాలో గంటో క్యాండిల్స్ చాలు. ట్రేడ్ నడిచే సమయంలో కనీసం ముప్పై నలభై క్యాండిల్స్ పడేలా చూసుకోండి.

రెండో అడుగు: కొలత

లాంగ్ అయితే ఎంట్రీ నుంచి ఎగ్జిట్ వరకు వచ్చిన అత్యల్ప ధరని ఎంట్రీ ధర నుంచి తీసేస్తే ఎంఏఈ. అదే కాలంలో వచ్చిన అత్యధిక ధర నుంచి ఎంట్రీ ధర తీసేస్తే ఎంఎఫ్ఈ. షార్ట్‌కి తలకిందులు. వచ్చిన సంఖ్యని మొదటి రిస్క్‌తో, అంటే ఎంట్రీకీ మొదటి స్టాప్‌కీ మధ్య దూరంతో భాగించాలి. అప్పుడు అన్నీ ఆర్‌లలోకి వస్తాయి. ఒక ఆర్ అంటే ఆ ట్రేడ్‌లో పోగొట్టుకోవడానికి ముందే సిద్ధపడ్డ దూరం. పాయింట్లలోనో డబ్బులోనో ఉంచేస్తే పెద్ద ధర ఉన్న వాటి ట్రేడ్‌లు, పెద్ద క్వాంటిటీ తీసుకున్న ట్రేడ్‌లు చిన్నవాటిని మింగేస్తాయి.

స్ప్రెడ్‌షీట్‌లో లాంగ్ ట్రేడ్‌కి ఎంఏఈ ఫార్ములా ఇది. `A` ఎంట్రీ సమయం, `B` ఎగ్జిట్ సమయం, `C` ఎంట్రీ ధర, `E` మొదటి స్టాప్. `Bars` షీట్‌లో `A` క్యాండిల్ సమయం, `D` ఆ క్యాండిల్‌లో అత్యల్ప ధర.

```
=(C2-MINIFS(Bars!D:D,Bars!A:A,">="&A2,Bars!A:A,"<="&B2))/(C2-E2)
```

ఇందులో ఒక చిక్కుంది, దగ్గరగా చూద్దాం. 412.0 దగ్గర లాంగ్ తీసుకున్నాం, స్టాప్ 404.0, టార్గెట్ 428.0. రిస్క్ 8 పాయింట్లు. ఎంట్రీ పడింది 10:17:40కి. 10:17 క్యాండిల్‌లో అత్యల్ప ధర 409.2. తర్వాత టార్గెట్ వచ్చేదాకా ఏ క్యాండిల్‌లోనూ ధర 410.4 కిందకి రాలేదు. మరి ఎంఏఈ ఎంత? 409.2 మనం ఎంటర్ కాక ముందు 40 సెకన్లలో వచ్చిందో, తర్వాత 20 సెకన్లలో వచ్చిందో ఆ క్యాండిల్ చెప్పదు. ఎంట్రీ క్యాండిల్‌ని కలుపుకుంటే 2.8 పాయింట్లు, అంటే 0.35 ఆర్. వదిలేస్తే 1.6 పాయింట్లు, 0.20 ఆర్. నిజం ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంది.

పై ఫార్ములా క్యాండిల్ మొదలయ్యే సమయాన్ని చూస్తుంది కాబట్టి 10:17 క్యాండిల్‌ని వదిలేసి 0.20 ఇస్తుంది. కలుపుకోవాలంటే ఎంట్రీ సమయాన్ని నిమిషానికి కిందకి కుదించాలి. నేను రెండు విధాలా లెక్కించి రెండు కాలమ్‌లు ఉంచుకుంటాను. రెండిటికీ తేడా పెద్దగా లేకపోతే ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు. చాలా ట్రేడ్‌లలో తేడా 0.2 ఆర్ దాటుతుంటే మీ డేటా ఈ పనికి సరిపోదు, ఇంకా చిన్న క్యాండిల్స్ కావాలి. ఎగ్జిట్ క్యాండిల్ దగ్గరా ఇదే సమస్య ఉంటుంది, అక్కడా ఇదే పద్ధతి.

మూడో అడుగు: డేటా మాట నమ్మొచ్చా

ముందుకెళ్లే ముందు మూడు తనిఖీలు చేయండి. ఎంట్రీ ధర తన క్యాండిల్ హై, లో మధ్యలోనే ఉండాలి. చాలా ట్రేడ్‌లలో అలా లేకపోతే జర్నల్ గడియారానికీ డేటా గడియారానికీ టైమ్ జోన్ తేడా ఉన్నట్టు, లేదా డేటా స్ప్లిట్‌లకి సర్దుబాటు చేసినదై ఉంటుంది. రెండోది, ఎంఎఫ్ఈ ఎప్పుడూ మీకు వచ్చిన లాభం కన్నా తక్కువ కాకూడదు. మూడోది, మొదటి స్టాప్ హిట్ అయిన ప్రతి ట్రేడ్‌లోనూ ఎంఏఈ కనీసం 1 ఆర్ ఉండాలి. 0.9 లాంటిది కనిపిస్తే చార్ట్ ఒక ధర చూపిస్తోంది, స్టాప్ ఇంకో ధర మీద ట్రిగ్గర్ అవుతోంది. చార్ట్ బిడ్ ధర మీద గీసి, షార్ట్ స్టాప్ ఆస్క్ ధర మీద ట్రిగ్గర్ అయ్యే చోట ఇది మామూలే. అప్పుడు షార్ట్ ట్రేడ్‌ల ఎంఏఈకి స్ప్రెడ్ కలపాలి.

నాలుగో అడుగు: స్టాప్ దగ్గరకి తెస్తే ఏమవుతుంది

ఇక్కడి నుంచి ఒక ఉదాహరణతో వెళ్దాం. సంఖ్యలు గుండ్రంగా ఉండేలా కల్పించినవే గానీ వరుస మాత్రం నిజమైన జర్నల్‌తో చేసేదే. ఒకే సెటప్‌లో 50 ట్రేడ్‌లు. స్టాప్ 1 ఆర్, టార్గెట్ 2 ఆర్. 20 టార్గెట్‌కి వెళ్లాయి, 30 స్టాప్ అయ్యాయి. మొత్తం 40 మైనస్ 30, అంటే +10 ఆర్.

గెలిచిన 20 ట్రేడ్‌ల ఎంఏఈని చిన్నది నుంచి పెద్దదానికి పేర్చాం. 6 ట్రేడ్‌లు 0.25 ఆర్ లోపే వెనక్కి వచ్చాయి. 7 ట్రేడ్‌లు 0.25, 0.5 మధ్య. 5 ట్రేడ్‌లు 0.5, 0.75 మధ్య. మిగిలిన 2 మాత్రమే 0.75 దాటి, 1 ఆర్ తాకకుండా తిరిగాయి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గెలిచిన వాటిలో 90 శాతం 0.75 ఆర్ దాటలేదు కాబట్టి స్టాప్‌ని అక్కడికి తెచ్చేయొచ్చు అంటారు. అది సగం లెక్కే. స్టాప్‌ని దగ్గరకి తెస్తే రెండు విషయాలు జరుగుతాయి. ఆ గీత దాటిన గెలుపులు ఓటములైపోతాయి. పాత ఓటములన్నీ చిన్నవవుతాయి, ఎందుకంటే అవి 1 ఆర్ దాకా వెళ్లే దారిలో 0.75 దాటే వెళ్లాయి. పోయిన గెలుపు ఒక్కోదాని మీద 2 ఆర్ లాభం పోయి, పైగా 0.75 నష్టం వస్తుంది, మొత్తం 2.75 ఆర్ దెబ్బ. తగ్గిన ఓటమి ఒక్కోదాని మీద మిగిలేది 0.25 ఆర్. 2 గెలుపులు పోయి 30 ఓటములు తగ్గితే నికరంగా 18 గెలుపుల మీద +36, 32 ఓటముల మీద −24, మొత్తం +12 ఆర్.

దీన్ని పాత +10తో నేరుగా పోల్చకూడదు. స్టాప్ దూరం మారితే ఒక్కో ట్రేడ్‌లో పెట్టే రిస్క్ డబ్బు మారకుండా ఉండటానికి క్వాంటిటీ మారుస్తాం. కాబట్టి ఫలితాన్ని కొత్త స్టాప్ దూరంతో భాగించాలి. ఖర్చులు కూడా ముందే తీసేయాలి. ఇక్కడ బ్రోకరేజీ, స్లిప్పేజీ కలిపి ట్రేడ్‌కి పాత లెక్కలో 0.05 ఆర్ అనుకుందాం, 50 ట్రేడ్‌లకి 2.5 ఆర్.

| స్టాప్ | గెలుపులు | మొత్తం, పాత ఆర్‌లలో | ఖర్చులు పోగా, కొత్త ఆర్‌లలో |
|---|---|---|---|
| 1.0 | 20 | +10 | +7.5 |
| 0.75 | 18 | +12 | +12.7 |
| 0.5 | 13 | +7.5 | +10 |
| 0.25 | 6 | +1 | −6 |

ఆఖరి వరుసలో ఖర్చులు ఎంత పెరిగాయో గమనించండి. స్టాప్ నాలుగో వంతుకి వస్తే అదే రిస్క్‌కి క్వాంటిటీ నాలుగు రెట్లు అవుతుంది, ఖర్చులూ అలాగే. ఖర్చులు కలపకుండా చూస్తే 0.25 కూడా +4గా, లాభంలోనే కనిపిస్తుంది. పైగా అంత దగ్గర స్టాప్‌లో రెండో అడుగులో చూసిన ఎంట్రీ క్యాండిల్ సందేహమే మొత్తం ఫలితాన్ని తారుమారు చేయగలదు. మన 412.0 ట్రేడ్ ఒక లెక్కలో 0.25 లోపు, ఇంకో లెక్కలో బయట.

0.75 దగ్గర ఫలితం బాగుంది. దాన్ని నమ్మొచ్చా అన్నది ఆరో అడుగులో చూద్దాం.

ఐదో అడుగు: జర్నల్‌కి తెలియని వైపు

స్టాప్‌ని దూరం జరిపితే ఏమవుతుందన్న ప్రశ్నకి ఎంఏఈ కాలమ్ జవాబు చెప్పలేదు. ఓడిన 30 ట్రేడ్‌లలోనూ ఎంఏఈ సుమారు 1 ఆర్ దగ్గరే ఆగి ఉంటుంది. అక్కడ ఆగింది మార్కెట్ కాదు, మన ఆర్డర్. గెలిచిన వాటి ఎంఎఫ్ఈ కూడా అన్నీ 2 ఆర్ దగ్గర గుంపుగా ఉంటాయి. చార్ట్ గీస్తే మార్కెట్ సరిగ్గా 2 ఆర్ దగ్గర అలసిపోతోందేమో అన్నంత చక్కగా కనిపిస్తుంది. ఇది చూసి టార్గెట్ బ్రహ్మాండంగా పెట్టానని సంతోషించేవాళ్లు చాలామంది. టార్గెట్ 1.4 ఆర్ పెట్టుకుని ఉంటే ఆ గుంపు 1.4 దగ్గరే ఉండేది.

అందుకని ఎగ్జిట్ తర్వాత కూడా ధరని వెంటాడాలి. అన్ని ట్రేడ్‌లకీ ఒకే గడువు పెట్టుకోండి, ఉదాహరణకి ఎంట్రీ నుంచి 120 క్యాండిల్స్. ఇంట్రాడే అయితే సెషన్ ముగింపు. ఆ గడువు లోపల ఊహా స్టాప్ ముందు తగిలిందా, ఊహా టార్గెట్ ముందు తగిలిందా అని ఒక్కో క్యాండిల్ చూసుకుంటూ వెళ్లాలి. ఏది ముందు అన్నదే ముఖ్యం. ధర −1.2 ఆర్‌కి, +2.5 ఆర్‌కి రెండిటికీ వెళ్లిందని తెలిసినా, వరుస తెలియకపోతే ఏమీ తెలియనట్టే.

```python
def first_touch(side, entry, risk, s, t, bars):
    sign = 1 if side == "long" else -1
    for hi, lo, close in bars:
        worst = (lo - entry if sign == 1 else entry - hi) / risk
        best = (hi - entry if sign == 1 else entry - lo) / risk
        if worst <= -s:
            return -s
        if best >= t:
            return t
    return sign * (close - entry) / risk
```

`s` ఊహా స్టాప్, `t` ఊహా టార్గెట్, రెండూ ఆర్‌లలో. ఒకే క్యాండిల్‌లో రెండూ తగిలితే ఈ కోడ్ స్టాపే ముందు తగిలిందని లెక్కేస్తుంది. కావాలనే అలా రాశాను. అనుమానం వచ్చిన చోట మనకి నష్టం కలిగే వైపే తీసుకోవాలి. గడువు లోపల ఏదీ తగలకపోతే ఆఖరి ధరకి బయటికి వచ్చినట్టు లెక్క. ప్రోగ్రామింగ్ రాకపోతే చార్ట్ తెరిచి చేత్తోనూ చేయొచ్చు, 50 ట్రేడ్‌లకి ఓపిక ఉంటే చాలు.

మన ఉదాహరణలో స్టాప్‌ని 1.5 ఆర్‌కి జరిపి చూశాం. ఓడిన 30లో 6 ట్రేడ్‌లు 1.5 తాకకుండా తిరిగి టార్గెట్‌కి వెళ్లాయి. 24 పూర్తిగా 1.5 దాకా పోయాయి. 26 గెలుపుల మీద +52, 24 ఓటముల మీద −36, మొత్తం +16 ఆర్. +10 కన్నా చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఖర్చులు తీసి 1.5తో భాగిస్తే +9 వస్తుంది. 1 ఆర్ స్టాప్‌తో వచ్చిన +7.5 కన్నా మరీ ఎక్కువేం కాదు. స్టాప్ కొట్టి పారిపోయిందని మనం బాధపడే ట్రేడ్‌లు ఆ ఆరే. మిగతా ఇరవైనాలుగింటి మీద అదనంగా పోయే సగం ఆర్ మాత్రం ఎవరికీ గుర్తుండదు.

టార్గెట్‌కీ ఇదే పద్ధతి, స్టాప్ 1 ఆర్ దగ్గరే ఉంచి. ఓడిన 30లో 8 ట్రేడ్‌ల ఎంఎఫ్ఈ స్టాప్ హిట్ కాకముందు 1 ఆర్ దాటింది, వాటిలో 4 మాత్రం 1.5 కూడా దాటాయి. టార్గెట్ 1 ఆర్ అయి ఉంటే 28 గెలుపులు, 22 ఓటములు, +6. 1.5 అయి ఉంటే 24 గెలుపుల మీద +36, 26 ఓటములు, +10. 2 దగ్గర మనకి వచ్చిందీ +10 ఆర్‌లే. 3 ఆర్ కావాలంటే గెలిచిన 20ని ముందుకి వెంటాడాలి. 14 ట్రేడ్‌లు 3 ఆర్ చేరాయి, 6 వెనక్కి తిరిగి అసలు స్టాప్‌ని తాకాయి. +42 లోంచి 36 పోతే +6. స్టాప్ దూరం మారలేదు కాబట్టి ఇక్కడ భాగించే పని లేదు, ఖర్చులూ అన్నిటికీ సమానమే. 1.5 నుంచి 2 దాకా ఫలితం సమానంగా ఉంది, అటూ ఇటూ తగ్గుతోంది. టార్గెట్‌ని కదిపే కారణం ఈ డేటాలో లేదు.

స్టాప్, టార్గెట్ రెండూ ఒకేసారి మార్చి పెద్ద పట్టిక వేసి, అందులో అన్నిటికన్నా పెద్ద సంఖ్యని ఎంచుకోవాలని మనసు లాగుతుంది. 50 ట్రేడ్‌లకి ఆ పని చేయకండి. వంద గడులున్న పట్టికలో ఏదో ఒకటి అదృష్టవశాత్తూ బాగా కనిపించి తీరుతుంది.

ఆరో అడుగు: ఆ తేడా ఎంత గట్టిది

0.75 స్టాప్‌కి +12.7, ఇప్పటి స్టాప్‌కి +7.5. మంచి తేడాలా ఉంది. దీన్ని రెండు రకాలుగా పరీక్షించాలి.

మొదటిది, ఇంకొక్క గెలుపు 0.75 గీత దాటి ఉంటే ఏమయ్యేదో చూడటం. ఒక గెలుపు ఓటమైతే పాత లెక్కలో 2.75 పోతుంది. ఖర్చులు పోగా ఉన్న 9.5 కాస్తా 6.75 అవుతుంది, 0.75తో భాగిస్తే +9. రెండు ట్రేడ్‌లు అలా అయితే +5.3, అంటే ఇప్పటి స్టాప్ కన్నా తక్కువ. ఎంఏఈ 0.65, 0.75 మధ్య ఉన్న గెలుపులు ఎన్నున్నాయో షీట్‌లో చూడండి. అలాంటివి రెండు మూడు ఉంటే ఈ నిర్ణయం వాటి చేతుల్లోనే ఉంది. ఒక టిక్ స్లిప్పేజీతో అటు పడేవే అవి.

రెండోది, ట్రేడ్‌లని తేదీ ప్రకారం రెండు సగాలు చేయడం. మన ఉదాహరణలో మొదటి 25లో 9 గెలుపులు, ఒక్కటీ 0.75 దాటలేదు. అక్కడ 1 ఆర్ స్టాప్‌తో +2, 0.75తో +6. తర్వాతి 25లో 11 గెలుపులు, దాటిన రెండూ ఇందులోనివే. 1 ఆర్‌తో +8, 0.75తో +6. ఖర్చులు తీసి కొత్త ఆర్‌లలోకి మారిస్తే మొదటి సగంలో 0.75ది స్పష్టంగా పైచేయి, +0.75కి +6.3. రెండో సగంలో +6.75కి +6.3, కాస్త వెనకే. 0.75 వల్ల పెరిగినదంతా మొదటి సగంలోంచే వచ్చింది. రెండు సగాలూ ఒకే మాట చెప్పనప్పుడు స్టాప్ మార్చడానికి నేను ఒప్పుకోను.

అలాగని ఈ పని వృథా కాలేదు. కొన్ని విషయాలు గట్టిగా తేలాయి. 0.25 స్టాప్ ఈ సెటప్‌కి పనికిరాదు. 1.5కి జరపడం వల్ల వచ్చేది కొద్దిపాటి తేడానే. టార్గెట్‌ని 1కి తగ్గించినా 3కి పెంచినా తగ్గడమే. తేలనిది ఒక్కటే, 0.75.

తేలని దాన్ని ఇలా వదిలేస్తాను. స్టాప్ 1 ఆర్ దగ్గరే ఉంచి, తర్వాతి ట్రేడ్‌ల నుంచి జర్నల్‌లో ఒక కాలమ్ పెంచుతాను: ఈ ట్రేడ్‌లో స్టాప్ 0.75 దగ్గర ఉంటే ఫలితం ఎంత అని. ట్రేడ్ ముగిసిన రోజే నింపాలి, ఎంట్రీ క్యాండిల్ కలిపీ కలపకుండా వచ్చే రెండు ఎంఏఈలతో పాటు. సెటప్ నియమాల్లో గానీ ఎంట్రీ పద్ధతిలో గానీ మార్పు చేస్తే ఆ తేదీ దగ్గర గీత గీసి లెక్క మళ్లీ మొదలుపెట్టాలి, ఎందుకంటే ఎంట్రీ రెండు టిక్‌లు మారినా ఎంఏఈ పంపిణీ అంతా మారిపోతుంది. ఇంకో 50 ట్రేడ్‌లు వచ్చాక ఆరో అడుగుని ఆ కొత్త 50 మీద మాత్రమే చేయాలి, పాతవాటితో కలపకుండా.